కుక్ ట్రేడ్ టెస్టు: పొయ్యి వెలిగించకముందే తేలిపోయే మూడు సంగతులు

ఉద్దానం తీరంలో పుట్టినవారికి చేపను గురించి ఒకరు చెప్పనక్కరలేదు. డొంకూరు ఒడ్డున పడవ దిగిన చేపను చూసి అది పొద్దుటిదో రాత్రిదో చెప్పగలిగిన వారు మనలో ఎందరో ఉన్నారు. పులుసు కాచడం చిన్నప్పటినుంచి చూసిన పనే. అయినా డొంకూరు, ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, టెక్కలి ప్రాంతాల నుంచి హోటల్ కుక్ ఉద్యోగానికి ట్రేడ్ టెస్టుకు వెళ్లిన కుర్రవాళ్లలో కొందరు "రుచి బాగుంది, అయితే ప్రస్తుతానికి హెల్పర్‌గా తీసుకుంటాం" అన్న మాట విని తిరిగి వస్తున్నారు. ఒకే వంటగదిలో ఒకే పొయ్యి ముందు నిలబడినా కుక్ జీతం వేరు, హెల్పర్ జీతం వేరు. రుచి బాగున్నప్పుడు మరి ఎక్కడ పోయింది? మా దగ్గర చదువుకుని ఇలాంటి పరీక్షలకు వెళ్లే పిల్లలు మమ్మల్ని అడిగే ప్రశ్న ఇదే. దానికి జవాబుగా ఈ పాఠం రాస్తున్నాము.

ట్రేడ్ టెస్టులు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ఐ.టి.ఐ.లో 10వ తరగతి తరువాత ఒక సంవత్సరం చదివే 'ఫుడ్ ప్రొడక్షన్ (జనరల్)' ట్రేడు చివర జరిగే అఖిల భారత ట్రేడ్ టెస్టు. ఇందులో థియరీకి 33 శాతం వస్తే చాలు, ప్రాక్టికల్‌కు మాత్రం 60 శాతం రావాలి. శిక్షణ కాలంలో వేసే మార్కులలో పదార్థం వృథా కాకుండా చూడడం, చెత్తను పద్ధతిగా పారవేయడం కూడా లెక్కలోకి వస్తాయి. రెండవది గల్ఫ్ దేశాలకో, పెద్ద నగరాల హోటళ్లకో మనుషులను తీసుకునేటప్పుడు యజమాని తరఫు చెఫ్ వచ్చి పెట్టే పరీక్ష. దీనికి అచ్చయిన సిలబస్ ఉండదు. ఒక చీటీ ఇస్తారు, సరుకులు చూపిస్తారు, పక్కన నిలబడి చూస్తారు.

రెండింటిలోనూ పరీక్షకుడు రుచి చూసేది చిట్టచివర. అంతకుముందు రెండు గంటలూ ఆయన చూసేవి మూడు: శుభ్రత, ప్లేటు లెక్క, తొందర వేళలో పని తీరు. ఈ మూడింటినీ పిల్లలు మూడు వేరువేరు పాఠాలుగా బట్టీ పడుతున్నారు. నిజానికి ఈ మూడూ ఒకే పనిలోని భాగాలు, ఆ పనిలో ఎక్కువ భాగం పొయ్యి వెలిగించకముందే జరగాలి. ఇది తెలియడానికి ఒకే ఒక్క వంటకం తీసుకుని మొదటినుంచి చివరిదాకా చేసి చూద్దాం. చీటీలో ఇలా ఉందనుకోండి: "కోనెం చేపల పులుసు, అన్నం. 10 ప్లేట్లు. ఉదయం 10 గంటలకు మొదలు, 12కు వడ్డన."

శుభ్రత: మరిగిస్తే పోనివి

మన ఇళ్లలో చేపను నేల మీద కత్తిపీట పెట్టుకుని కోస్తాం. కోసేవారికి ఆ పనిలో ఉన్న నేర్పు గొప్పది. కాని హోటల్ వంటగదిలో నేల మీద ఏ ఆహారమూ ఉండకూడదు. నిలబడి, బల్ల మీద, బోర్డు మీద, కత్తితో కోయాలి. కత్తిపీటకు అలవాటు పడిన చేతికి కత్తితో సమానమైన ముక్కలు రావాలంటే కొన్నాళ్లు పడుతుంది కనుక పరీక్షకు నెల ముందునుంచే అలవాటు చేసుకోవాలి.

బోర్డులకు రంగులుంటాయి. హోటళ్లలో సాధారణంగా పచ్చి మాంసానికి ఎరుపు, పచ్చి చేపకు నీలం, సలాడ్లకూ పండ్లకూ ఆకుపచ్చ వాడతారు. పరీక్ష గదిలో ఒకే బోర్డు ఇచ్చినా కంగారు పడవద్దు. ముందు ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, కొత్తిమీర కోసి గిన్నెల్లో పెట్టుకుని, చేపను చివర కోస్తే బోర్డునూ కత్తినీ ఒక్కసారి సబ్బుతో కడిగితే సరిపోతుంది. చేపను ముందు కోసి, ఆ బోర్డు మీదే కొత్తిమీర తరిగితే, చివర పులుసు మీద చల్లే ఆ పచ్చి ఆకుతో చేప మీది సూక్ష్మక్రిములు నేరుగా ప్లేటులోకి వెళతాయి. ఇక వాటిని చంపడానికి మంట లేదు. పరీక్షకుడు చూసేది ఈ వరుసనే.

చేతులు కడగడం మొదట్లో ఒకసారి చేసి ముగించే పని కాదు. పని మొదలుపెట్టేముందు, పచ్చి చేపను ముట్టుకున్న తరువాత, ముఖమో జుట్టో ముట్టుకున్నాక, చెత్తబుట్ట మూత తీశాక, ప్రతిసారీ సబ్బుతో 20 సెకన్లు కడగాలి. భుజం మీది డస్టర్‌తో చేయి తుడుచుకుని అదే గుడ్డతో ప్లేటు అంచు తుడిచేవారిని మేము చూశాము. అలా చేస్తే కడిగిన ఫలితం అక్కడే పోతుంది. రుచి చూడడానికి వేరే చెంచా ఉండాలి. నోటికి తగిలిన చెంచా తిరిగి గిన్నెలోకి పోకూడదు.

ఇంతవరకు చాలామంది చెప్పగలరు. మౌఖిక పరీక్షలో పిల్లలు తడబడేది ఉష్ణోగ్రతల దగ్గర. చల్లగా ఉంచవలసినది 5 డిగ్రీల సెల్సియస్ లోపు, వేడిగా ఉంచవలసినది 60 డిగ్రీలకు పైన ఉండాలి. ఈ రెంటికీ మధ్య ఆహారం ఎక్కువసేపు ఉంటే క్రిములు పెరుగుతాయి. "మరి పెరిగితే ఏమైంది, మళ్లీ మరిగిస్తే చస్తాయి కదా?" అని పరీక్షకుడు కావాలనే అడుగుతారు. ఔనని తల ఊపితే మార్కు పోయినట్టే. క్రిములు చస్తాయి, అవి అంతకుముందే తయారుచేసిన విషం అన్నిసార్లూ పోదు. దీనికి రెండు ఉదాహరణలు మన చీటీలోనే ఉన్నాయి.

మొదటిది కోనెం. కోనెం, కనగుర్త, సూర జాతి చేపల మాంసంలో హిస్టిడిన్ అనే పదార్థం సహజంగానే ఎక్కువ. చేప పట్టిన తరువాత ఐసు లేకుండా ఎండలో ఉంటే క్రిములు దాన్ని హిస్టమిన్‌గా మారుస్తాయి. హిస్టమిన్ వేపుడుకూ పోదు, పులుసుకూ పోదు, ఫ్రీజర్‌లో పెట్టినా పోదు. తిన్న కొద్ది నిమిషాల నుంచి గంటా రెండు గంటల లోపల ముఖం ఎర్రబడి, ఒళ్లంతా దద్దుర్లు వచ్చి, తలనొప్పి పట్టుకుంటుంది. "ఈ చేప నాకు పడదు" అని తిన్నవారు అనుకుంటారు. నిజానికి పడనిది చేప కాదు, దాన్ని ఉంచిన తీరు. కన్ను మెరుస్తూ, మొప్ప ఎర్రగా ఉన్న చేపలోనూ హిస్టమిన్ ఉండవచ్చు కనుక ఈ విషయంలో మన తీరప్రాంతపు కంటి చూపును కూడా పూర్తిగా నమ్మడానికి లేదు. పట్టినప్పటినుంచి ఐసులో ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. అందుచేత పరీక్షలో చేప చేతికి రాగానే చేయవలసిన మొదటి పని దాన్ని ఫ్రిజ్‌లోనో ఐసులోనో పెట్టడం. కోసే వేళకే బయటికి తీసి, కోసిన ముక్కలను ఉప్పు, పసుపు పట్టించి వెంటనే మళ్లీ లోపల పెట్టాలి.

రెండవది అన్నం. బియ్యంలో ఉండే ఒక రకం క్రిమి గట్టి గింజ రూపంలో ఉండి ఉడికినా చావదు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే ఆ గింజ మొలిచి, పెరిగి, వాంతులు తెప్పించే విషాన్ని తయారుచేస్తుంది. ఆ అన్నాన్ని తరువాత ఎంత వేడి చేసినా ఆ విషం విరగదు. మధ్యాహ్నం మిగిలిన అన్నాన్ని డేగిసాలోనే మూతపెట్టి ఉంచి, రాత్రి ఫ్రైడ్ రైస్ చేయడం ఇందుకే తప్పు. మిగిలితే వెడల్పాటి ట్రేలో పలుచగా పరిచి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లోకి చేర్చాలి. మళ్లీ వేడి చేసినప్పుడు లోపల 75 డిగ్రీలు దాటిందని థర్మామీటరు గుచ్చి చూడాలి. డేగిసాలో లోతుగా ఉన్న అన్నం పైన చల్లారినట్టు కనిపించినా నడుమ చాలాసేపు వెచ్చగానే ఉంటుంది.

ఇవి హోటళ్లు ఇష్టముంటే పాటించే మర్యాదలు కావు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద 2011లో వచ్చిన లైసెన్సు నిబంధనలలోని 4వ షెడ్యూలు వంటగది ఎలా ఉండాలో, వంటవారు ఎలా ఉండాలో చెబుతుంది. వంటవారికి ఏడాదికి ఒకసారి వైద్య పరీక్ష జరగాలని, వాంతులు, విరేచనాలు, జ్వరం ఉన్నవారు ఆహారం ముట్టుకోకూడదని అందులో ఉంది. "నీకు విరేచనాలు పట్టుకుంటే ఏం చేస్తావు?" అన్న ప్రశ్నకు "మాత్ర వేసుకుని డ్యూటీకి వస్తాను సార్" అని చెప్పి కష్టజీవి అనిపించుకోబోయినవారికి సున్నా వస్తుంది. "సూపర్‌వైజరుకు చెప్పి, ఆహారం ముట్టుకోని పనికి మారతాను, లేదా సెలవు పెడతాను" అన్నదే సరైన జవాబు.

ప్లేటు లెక్క: తల, తోక ఎవరి ఖాతాలో?

చేప చేతిలోకి రాకముందే ఎంత కావాలో లెక్క వేసి చెప్పమంటారు. ఇక్కడ మేము వాడే ధరలన్నీ లెక్క నేర్పడానికి అనుకున్నవి మాత్రమే. మీ ఊరి సంత ధర వేసుకుని మళ్లీ చేసుకోండి, పద్ధతి మారదు.

ప్లేటుకు ఒక్కొక్కటి 80 గ్రాముల ముక్కలు రెండు, అంటే 160 గ్రాములు వడ్డించాలి. 10 ప్లేట్లకు 1.6 కిలోల ముక్కలు కావాలి. చాలామంది ఇక్కడే ఆగి 1.6 కిలోల చేప అడుగుతారు. తల, తోక, పేగులు, రెక్కలు తీసేస్తే ముక్కలుగా మిగిలేది ఎంత? దానినే హోటల్ భాషలో ఈల్డ్ అంటారు. కోనెం కిలోకు సుమారు 650 గ్రాములు మిగులుతుందనుకుందాం, అంటే ఈల్డ్ 65 శాతం. అప్పుడు 1.6ను 0.65తో భాగిస్తే దాదాపు 2.46 వస్తుంది. రెండున్నర కిలోల చేప కావాలి. దాన్ని కోస్తే 1.625 కిలోల ముక్కలు వస్తాయి, 10 ప్లేట్లకు సరిపోతుంది.

ఇప్పుడు ధర. కిలో 600 రూపాయలైతే రెండున్నర కిలోలకు 1500 రూపాయలు. 10 ప్లేట్లకు పంచితే ప్లేటుకు చేప ఖర్చు 150. ఈల్డ్ మరిచిపోయినవాడు 160 గ్రాములను నేరుగా 600తో గుణించి 96 రూపాయలంటాడు. తేడా ప్లేటుకు 54 రూపాయలు. తలకూ తోకకూ దుకాణదారుడికి డబ్బు కట్టాము, ప్లేటు లెక్కలో మాత్రం వాటిని వదిలేశాము. ఆ తలను హోటల్లో వేరే పులుసుగా అమ్మితే ఆ విలువను 1500 నుంచి తగ్గించుకోవచ్చు. చెత్తబుట్టలో పడితే తగ్గించడానికి ఏమీ లేదు. ఈ ముక్క చెప్పగలిగిన అభ్యర్థిని పరీక్షకుడు తలెత్తి చూస్తారు.

మిగతా సరుకులు: ఉల్లిపాయలు 600 గ్రాములకు 24, చింతపండు 100 గ్రాములకు 20, నూనె 200 మిల్లీలీటర్లకు 30, కారం 60 గ్రాములకు 18, పచ్చిమిర్చి, వెల్లుల్లి, కరివేపాకు, కొత్తిమీరలకు 20, ఉప్పు, పసుపు, ధనియాల పొడికి 8. మొత్తం 120, ప్లేటుకు 12. ప్లేటుకు 120 గ్రాముల చొప్పున బియ్యం 1.2 కిలోలు, కిలో 50 అయితే 60 రూపాయలు, ప్లేటుకు 6. అంతా కలిపితే 150, 12, 6, వెరసి ప్లేటుకు 168 రూపాయలు. ఇది ఆహార ఖర్చు మాత్రమే. గ్యాసు, జీతాలు, అద్దె ఇందులో లేవు. అవి అమ్మకం ధరలో మిగిలిన భాగం నుంచి రావాలి.

"ఫుడ్ కాస్ట్ 35 శాతం ఉండాలి, ప్లేటు ఎంతకు అమ్ముతావు?" అన్నది తరువాతి ప్రశ్న. 168కి 35 శాతం కలిపి 227 అని చెప్పేవారు చాలామంది. అది తప్పు. 35 శాతం అన్నది అమ్మకం ధరలో ఆహార ఖర్చు వాటా. కాబట్టి 168ని 0.35తో భాగించాలి. 480 రూపాయలు వస్తుంది. సరిచూసుకోవడం సులువు: 480లో 35 శాతం 168 అవుతుందా? అవుతుంది. 227లో 168 అంటే దాదాపు 74 శాతం. ఆ ధరకు అమ్మిన హోటలు జీతాలు ఇవ్వలేదు. ఈల్డ్ మరిచినవాడి సంగతి కూడా చూద్దాం. 96, 12, 6 కలిపి 114 అని లెక్క వేసి, 0.35తో భాగించి 326కు అమ్మితే, నిజమైన ఖర్చు 168 కనుక ఫుడ్ కాస్ట్ 51 శాతం దాటుతుంది. హోటల్ జనంతో నిండి ఉన్నా నెలాఖరుకు నష్టమే మిగులుతుంది, ఎక్కడ పోతోందో యజమానికి అర్థం కాదు.

కాగితం మీద లెక్క ఎంత సరిగా వేసినా దాన్ని నిలబెట్టేది కత్తి. ముక్క 80 గ్రాముల బదులు 100 గ్రాములు తెగిందనుకోండి. ప్లేటుకు 200 గ్రాములు పోతుంది. 1.625 కిలోలకు 8 ప్లేట్లే వస్తాయి. పది మంది కూర్చుంటే ఇద్దరికి చేప లేదు. అందుకని మొదటి ముక్కను కోసి తూకం వేయాలి. 80 వచ్చేదాకా మందం సరిచేసుకుని, ఆ ముక్కను బోర్డు పక్కన కొలతగా పెట్టుకుని మిగతావి కోయాలి. తోక వైపుకు వచ్చేకొద్దీ ముక్క చిన్నదవుతుంది, కాబట్టి అక్కడ మందం కాస్త పెంచాలి. అప్పటికీ తేడా వస్తే పొట్ట ముక్క పెద్దదాన్ని, తోక ముక్క చిన్నదాన్ని ఒక జతగా వేయాలి. రెండూ కలిపి 160కి దగ్గరగా ఉంటే ఏ బల్ల దగ్గరా "వాళ్లకు ఎక్కువ, మాకు తక్కువ" అన్న మాట రాదు.

తొందర వేళ: వెనక నుంచి వేసుకునే సమయ పట్టిక

వడ్డన 12 గంటలకు. పట్టిక అక్కడినుంచి వెనక్కి రాసుకోవాలి. పులుసు దింపాక పది నిమిషాలు కదపకుండా ఉంచితే ముక్కకు ఉప్పు, పులుపు పడతాయి, కాబట్టి 11:50కి దింపాలి. ముక్కలు ఉడకడానికి 12 నిమిషాలు, అంటే 11:38కి చేప గిన్నెలో పడాలి. అంతకుముందు చింతపండు రసం పోసి పచ్చివాసన పోయేదాకా 15 నిమిషాలు మరగాలి. దానికి ముందు ఉల్లిపాయ వేగడానికి మరో 15 నిమిషాలు. అంటే 11:08కి పొయ్యి వెలగాలి. అన్నం 11:25కి పెడితే 12 లోపు ఉడికి ఇంకుతుంది.

10 గంటల నుంచి 11:08 వరకు పొయ్యితో పనే లేదు. మొదటి 20 నిమిషాలు చేతులు కడుక్కుని, సరుకులు సరిచూసి, తూచి, లెక్క కాగితం రాసి, చేపను ఫ్రిజ్‌లో పెట్టి, చింతపండు నానబెట్టడానికి. తరువాత కూరగాయల కోత, బియ్యం కడిగి నానబెట్టడం. 10:45కి చేప కోత. 11 లోపు ముక్కలు తిరిగి ఫ్రిజ్‌లోకి, బోర్డు, కత్తి, బల్ల కడగడం. ఇప్పుడు వాడవలసిన ప్రతి సరుకూ దాని గిన్నెలో, వాడే వరుసలో, ఎడమ నుంచి కుడికి ఉంటుంది. ఇలా అన్నీ అమర్చుకోవడాన్ని హోటళ్లలో ఫ్రెంచి మాటతో 'మీజాన్ ప్లాస్' అంటారు, ప్రతిదీ దాని చోట అని అర్థం. శుభ్రత కోసం పెట్టుకున్న వరుస, లెక్క కోసం వేసిన తూకం, సమయం కోసం వేసిన పట్టిక ఇక్కడ కలిసి ఒకే పని అయ్యాయని గమనించండి.

పరీక్షలో ఒక్కసారి వడ్డిస్తే చాలు. హోటల్లో అలా కాదు, ఒంటి గంటకు ఆర్డర్లు ఒకదాని మీద ఒకటి వస్తాయి. "అప్పుడెలా చేస్తావు?" అని పరీక్షకుడు అడుగుతారు, కొందరు చీటీలు చేతికిచ్చి చేయించి చూస్తారు కూడా. ఈ ప్రశ్నకు "స్పీడుగా చేస్తాను సార్" అన్నది జవాబు కాదు. ముందుగా ఏది చేసి పెట్టుకోవచ్చు, ఏది ఆర్డరు వచ్చాకే చేయాలి అన్నది విడదీసి చెప్పాలి. చేప వేయని పులుసును ముందే కాచి 60 డిగ్రీలకు పైన వేడిగా ఉంచుకోవచ్చు. ముక్కలను మాత్రం ప్లేటుకు రెండేసి చొప్పున జతలు కట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. అన్ని ముక్కలూ పన్నెండింటికే పులుసులో వేసేస్తే మూడు గంటలకు గిన్నెలో మిగిలేవి ముళ్లు, పొడి.

ఒక ఉదాహరణ చేద్దాం. ఒకేసారి మూడు చీటీలు వచ్చాయి. 3వ బల్లకు పులుసు రెండు. 5వ బల్లకు పులుసు ఒకటి, చేప వేపుడు ఒకటి. 8వ బల్లకు పులుసు మూడు. కంగారుపడినవాడు మొదటి చీటీ చదివి రెండు ప్లేట్లు వండి, తరువాత రెండవది చదువుతాడు. నేర్చినవాడు మూడూ చదివి మొత్తం గట్టిగా చెబుతాడు: "పులుసు ఆరు, వేపుడు ఒకటి." ఆరు ప్లేట్లంటే 12 ముక్కలు. ఒకే బాణలిలో కుక్కితే విరుగుతాయి, కనుక రెండు వెడల్పాటి బాణలిల్లో ఆరేసి ముక్కలు. గరిటె పెట్టి కలపకూడదు, బాణలి పిడి పట్టుకుని మెల్లగా ఊపాలి. మరుగుతున్న పులుసులో ముక్కకు పది నిమిషాలు పడితే, మసాలా పట్టించి ఉంచిన వేపుడు ముక్కకు ఆరేడు నిమిషాలు చాలు. రెండింటినీ ఒకేసారి మొదలుపెడితే వేపుడు చల్లారిపోతూ పులుసు కోసం ఎదురుచూస్తుంది. మూడు నిమిషాలు ఆగి వేపుడు పెనం మీద వేస్తే 5వ బల్లకు రెండూ వేడిగా కలిసి వెళతాయి. ప్లేట్లు మాత్రం చీటీలు వచ్చిన వరుసలో, 3, 5, 8గా కదలాలి. పంపిన చీటీని అప్పుడే మేకుకు గుచ్చాలి. బల్ల మీద పడి ఉంటే అదే ఆర్డరు రెండుసార్లు వండే ప్రమాదం ఉంది.

రంజాన్ నెలలో ఇఫ్తార్ వంట చేసినవారికి ఇందులో కొత్తేమీ లేదు. అక్కడ అందరూ ఒకే నిమిషానికి కూర్చుంటారు, ఆ నిమిషం వంటవాడి కోసం ఆగదు. హోటల్లో తేడా ఏమిటంటే ఆ నిమిషం ఎప్పుడు వస్తుందో ముందు తెలియదు.

పని చేయి జారిపోతున్నట్టు ఎలా తెలుస్తుంది? ముందు బల్ల చెబుతుంది. ఉల్లిపొట్టు, తడిగుడ్డ, వాడిన చెంచాలు పోగవుతాయి. తరువాత అవసరమైన గిన్నె కోసం చేయి వెతుక్కుంటుంది. ఆ పైన మనిషి బోర్డు కడగడం మానేస్తాడు. శుభ్రత తప్పడం, ముక్క లెక్క తప్పడం సాధారణంగా ఇలాంటి పది నిమిషాల్లోనే జరుగుతాయి. అప్పుడు చేయవలసినది ఇంకా వేగం పెంచడం కాదు. మంట తగ్గించి, అర నిమిషం ఆగి, బల్ల తుడిచి, చేతులు కడిగి, మిగిలిన చీటీలు మళ్లీ చదివి మొత్తం చెప్పాలి. ఆలస్యమవుతుందనిపిస్తే "8వ బల్ల ఇంకో ఐదు నిమిషాలు పడుతుంది సార్" అని అడగకముందే చెప్పాలి. ముందే చెప్పిన ఆలస్యానికి బల్ల దగ్గర సర్ది చెప్పుకోవచ్చు. అడిగాక చెబితే అది సాకుగా వినిపిస్తుంది.

ఇంటి దగ్గర అభ్యాసం

దీనికి పెద్ద వంటగది అక్కరలేదు. ఒక చిన్న డిజిటల్ తూకం, కత్తి, బోర్డు, గడియారం, నోటు పుస్తకం ఉంటే చాలు. వారానికి ఒక రోజు ఇంట్లోకి తెచ్చిన చేపను కోయకముందు ఒకసారి, కోసి శుభ్రం చేశాక ఒకసారి తూచి రాసుకోండి. కోనెంకు ఎంత, చందువాకు ఎంత, తల, పొట్టు తీసిన రొయ్యకు ఎంత మిగిలిందో నాలుగు వారాల్లో మీ చేతి లెక్క మీకు తెలుస్తుంది. రొయ్యలో సగం బరువు దాకా తలకూ పొట్టుకూ పోవడం చూసి మీరే ఆశ్చర్యపోతారు. పుస్తకంలో చదివిన 65 శాతం కన్నా మీ కత్తి కింద వచ్చిన 61 శాతమే మీకు పనికొస్తుంది. పరీక్షకుడు "ఈ అంకె ఎక్కడిది?" అంటే "నేను తూచి రాసుకున్నది సార్" అని నోటు పుస్తకం చూపవచ్చు.

తరువాత అదే వంటను గడియారం ముందు చేయండి. పట్టిక వెనకనుంచి రాసుకుని, మొదలుపెట్టి, ఏ పని ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో పక్కన రాయండి. ఇంట్లో ఒకరిని పక్కన కూర్చోబెట్టి, మీరు చేతులు ఎన్నిసార్లు కడిగారో, చేప కోసిన తరువాత బోర్డు కడగకముందు ఏమేం ముట్టుకున్నారో గీతలు పెట్టమనండి. ఉప్పు డబ్బా, ఫ్రిజ్ పిడి, సెల్‌ఫోను ఆ జాబితాలో తప్పకుండా ఉంటాయి. పరీక్షకు వెళ్లేలోగా ఆ జాబితా ఖాళీ కావాలి.